రెండు ప్రశ్నలు, ఒక ఉత్తరం

కోర్టు మెట్లెక్కే పరీక్షా వివాదాలు చాలావరకు ముసాయిదా దశలోనే తేలిపోగలవి. అందుకు కావలసింది ప్రశ్నపత్రం తయారుచేసిన వ్యక్తి తన ప్రశ్నను తానే అనుమానించి మోడరేటర్‌కు రాసే ఒక పేజీ ఉత్తరం

2024 జులై 22, సోమవారం. సుప్రీంకోర్టులో నీట్ కేసు నడుస్తోంది. ప్రశ్నపత్రం లీకు, గ్రేస్ మార్కులు, రీ-ఎగ్జామ్ డిమాండు వంటి పెద్ద పెద్ద అంశాల మధ్య ఒక చిన్న విషయం ధర్మాసనం ముందుకు వచ్చింది. భౌతికశాస్త్రంలో ఒక ప్రశ్నకు జవాబు ఏది? ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్ నాయకత్వంలోని ధర్మాసనం ఢిల్లీ ఐఐటీ డైరెక్టర్‌ను ముగ్గురు నిపుణులతో బృందం వేయమని ఆదేశించింది. మర్నాడు మధ్యాహ్నానికల్లా అభిప్రాయం చెప్పమంది. పరమాణువు గురించిన రెండు వాక్యాల సంగతి తేల్చడానికి దేశ అత్యున్నత న్యాయస్థానం గడువు పెట్టాల్సి వచ్చింది.

ఆ ప్రశ్నలో రెండు ప్రవచనాలున్నాయి. పరమాణువుల్లో ధనావేశాలు, రుణావేశాలు సమానంగా ఉంటాయి కాబట్టి అవి విద్యుత్‌పరంగా తటస్థమైనవి అన్నది మొదటిది. ప్రతి మూలకపు పరమాణువులూ స్థిరమైనవి, అవి తమ విలక్షణ వర్ణపటాన్ని వెలువరిస్తాయి అన్నది రెండోది. మొదటి దాని మీద పేచీ లేదు. రెండో దానిలోనే ఉంది చిక్కంతా. యురేనియం, రేడియం లాంటి రేడియోధార్మిక మూలకాల పరమాణువులు స్థిరమైనవి కావు. కనుక వాక్యం తప్పు, జవాబు నాలుగో ఆప్షన్. కానీ ఎన్‌సీఈఆర్‌టీ పాత పాఠ్యపుస్తకంలో ఆ వాక్యం దాదాపు అలాగే ఉంది. అన్నయ్య, అక్కయ్య చదివిన పుస్తకంతోనే సిద్ధమైన విద్యార్థికి రెండు వాక్యాలూ నిజమే, జవాబు రెండో ఆప్షన్. కొత్త ముద్రణలో మాత్రం ‘చాలా మూలకాల’ అని దిద్దారు.

ప్రాథమిక కీ మీద ఈ ఒక్క ప్రశ్నకే 13,373 అభ్యంతరాలు వచ్చాయి. పరీక్ష నిర్వహించిన జాతీయ పరీక్షా సంస్థ (ఎన్‌టీఏ) మధ్యేమార్గంగా రెండు జవాబులకూ మార్కులిచ్చింది. జూన్ 4న ఫలితాలొచ్చినప్పుడు 720కి 720 తెచ్చుకున్న 67 మందిలో 44 మంది ఈ ప్రశ్న పుణ్యాన ఆ మెట్టు ఎక్కినవారే. ఐఐటీ నిపుణులు నాలుగో ఆప్షన్ ఒక్కటే సరైనదని తేల్చాక లెక్క తిరగబడింది. రెండో ఆప్షన్ గుర్తించిన 4,20,774 మందికి వచ్చిన నాలుగు మార్కులు పోయి, పైగా ఒక మార్కు కోత పడింది. జులై 26న సవరించిన ఫలితాల్లో మొదటి ర్యాంకు వారి సంఖ్య 17కి పడిపోయింది.

ఆ ప్రశ్నను ముసాయిదాలో సరిచేయడానికి ఎంత పని? ‘రేడియోధార్మిక మూలకాలతో సహా’ అన్న మాటలు చేరిస్తే చాలు. పాత పుస్తకం చదివినవారూ కొత్త పుస్తకం చదివినవారూ ఒకే జవాబుకు వచ్చేవారు. ఇలాంటి రెండు మాటలు ఎక్కడ తగ్గాయో పసిగట్టడమే మోడరేషన్ పని. ఆ పని మొదలయ్యేది చాలాసార్లు ఒక చిన్న ఉత్తరంతో.

సీల్డు కవర్లో సందేహం

ప్రశ్నపత్రం ఒక మనిషి రాసి మరో మనిషి అచ్చు వేసేది కాదు. పద్ధతి ప్రకారం నడిచే సంస్థల్లో ముందు ప్రశ్నపత్ర రూపకర్త, అంటే పేపర్ సెట్టర్, ముసాయిదా రాసి కీతో పాటు సీల్డు కవర్లో పరీక్షల కంట్రోలర్‌కు అందజేస్తారు. తన దగ్గరి బంధువులెవరూ ఆ పరీక్ష రాయడం లేదని హామీపత్రం ఇస్తారు. ఆ తర్వాత అదే సబ్జెక్టులో మరొకరు కీ చూడకుండా, గడియారం పెట్టుకుని, విద్యార్థిలాగే పేపర్ మొత్తం చేస్తారు. ఈ ‘కీ చూడకుండా’ అన్నదే కీలకం. కీ పక్కన పెట్టుకుని చదివితే ఎంతటి పండితుడికైనా ఆ జవాబే సబబుగా తోస్తుంది. ప్రశ్నలో తప్పిపోయిన మాటను మనసు తనంతట తానే పూరించుకుంటుంది.

ఇద్దరి జవాబులూ కలవని చోట వివాదం పుడుతుంది. అప్పుడు తీర్పరి మోడరేటర్. రూపకర్తకూ మోడరేటర్‌కూ ముఖపరిచయం ఉండకపోవచ్చు. ఉత్తరప్రత్యుత్తరాలు కంట్రోలర్ కార్యాలయం ద్వారానే నడవాలి. మామూలు ఈమెయిల్లోనో ఫోన్ మెసేజీలోనో ప్రశ్న పంపడం కొంప ముంచే పని. 2024 జూన్ 21న అమల్లోకి వచ్చిన కేంద్ర ప్రభుత్వ పరీక్షల అక్రమాల నిరోధక చట్టం ప్రకారం ప్రశ్నపత్రాన్నే కాదు, కీని బయటపెట్టినా నేరమే.

అసలు ఉత్తరాలు సీలు దాటి బయటికి రావు. అందుకే అది ఎలా ఉండాలో అర్థం కావడానికి ఒక ఊహా పరీక్షను తీసుకుందాం. వంద ప్రశ్నల ప్రవేశ పరీక్ష. ఇంగ్లిష్, తెలుగు రెండు భాషల్లో పేపర్. సరైన జవాబుకు నాలుగు మార్కులు, తప్పుకు ఒక మార్కు కోత. కీ చూడకుండా చేసిన సహ పరిశీలకుడు ఫిజిక్స్‌లో రెండు ప్రశ్నల దగ్గర రూపకర్తతో విభేదించారు. రూపకర్త మోడరేటర్‌కు ఇలా రాస్తారు:

*గౌరవనీయులైన మోడరేటర్ గారికి,*

*ముసాయిదాలోని 37, 64 ప్రశ్నలను మరోసారి పరిశీలించవలసిందిగా మనవి. సహ పరిశీలకులకు ఈ రెండింటిలో నా కీ కాక వేరే జవాబులు వచ్చాయి.*

*37వ ప్రశ్నలో నా జవాబు 37.5 వాట్లు. వారి జవాబు ‘37.5 వాట్ల కన్నా ఎక్కువ’. పాఠ్యపుస్తకంలోని పద్ధతిలో చేస్తే నాది వస్తుంది. బల్బు నిజంగా ప్రవర్తించే తీరు చూస్తే వారిది వస్తుంది. నా ఉద్దేశం మొదటిదే అయినా, ప్రశ్నలో ఆ మాట నేను రాయలేదు.*

*64వ ప్రశ్నలో ఇంగ్లిష్ పాఠం మీద అభ్యంతరం లేదు. తెలుగు పాఠం మాత్రం వేరే ప్రశ్న అడుగుతోంది. వివరం జత చేశాను.*

*రెండింటికీ నేను సూచించే సవరణలు వేరే కాగితం మీద ఉన్నాయి. దయచేసి ముందు ప్రశ్నలను వాటి ప్రస్తుత రూపంలో చేసి చూసి, ఆ తర్వాతే నా సూచనలు చదవండి. సవరణ సరిపోదనుకుంటే రిజర్వు ప్రశ్నలను వాడడానికి నాకు అభ్యంతరం లేదు.*

ఈ ఉత్తరంలో గమనించవలసినవి మూడున్నాయి. రూపకర్త తన కీని వెనకేసుకు రాలేదు, అలాగని వదులుకోనూ లేదు. ప్రతి జవాబు ఏ దారిలో వస్తుందో చెప్పారు. ‘ఈ ప్రశ్నలు ఒకసారి చూడండి’ అని ఊరుకోకుండా తేడా ఎక్కడుందో వేలు పెట్టి చూపారు. అన్నిటికన్నా ముఖ్యం, తన సవరణలను మోడరేటర్ ముందుగా చదవకూడదని కోరారు. మోడరేటర్ కూడా ఒకసారి కొత్త కళ్లతో ప్రశ్నను చూడాలి కదా.

బల్బు చెప్పే నిజం, పుస్తకం చెప్పే నిజం

37వ ప్రశ్న ఇది: 220 వోల్టుల వద్ద 60 వాట్లు, 100 వాట్లు వాడుకునే రెండు తంతువు బల్బులను శ్రేణిలో 220 వోల్టుల సరఫరాకు కలిపారు. అవి రెండూ కలిసి వాడుకునే విద్యుత్ సామర్థ్యం ఎంత? ఆప్షన్లు వరసగా 160 వాట్లు, 80 వాట్లు, 37.5 వాట్లు, 37.5 వాట్ల కన్నా ఎక్కువ.

తరగతి గదిలో చేసే లెక్క సులువు. వోల్టేజి వర్గాన్ని వాట్లతో భాగిస్తే నిరోధం వస్తుంది. 60 వాట్ల బల్బు నిరోధం సుమారు 807 ఓములు, 100 వాట్ల దానిది 484 ఓములు. శ్రేణిలో కలిపితే మొత్తం 1,291. మళ్లీ 220 వర్గమైన 48,400ను దానితో భాగిస్తే 37.5 వాట్లు. మూడో ఆప్షన్. వందమంది అధ్యాపకుల్ని అడిగితే ఎక్కువమంది ఇదే చెబుతారు.

కానీ నిజం బల్బును తీసుకుంటే? టంగ్‌స్టన్ తంతువు నిరోధం ఒకే తీరుగా ఉండదు. చల్లగా ఉన్నప్పటి కన్నా పూర్తిగా వెలుగుతున్నప్పుడు అది పది రెట్లకు పైగా పెరుగుతుంది. పైన లెక్క కట్టిన 807, 484 ఓములు నిండుగా వెలిగేటప్పటివి. శ్రేణిలో కలిపినప్పుడు ఏ బల్బుకూ పూర్తి 220 వోల్టులు అందవు. రెండూ మందంగా వెలుగుతాయి, తంతువులు అంత వేడెక్కవు. కాబట్టి నిరోధం తక్కువ, ప్రవహించే కరెంటు ఎక్కువ, వాడుకునే సామర్థ్యం 37.5 వాట్లను మించుతుంది. నాలుగో ఆప్షనే నిజం. ప్రయోగశాలలో మీటరు పెట్టి చూసినా అదే తేలుతుంది.

ఇక్కడ తప్పు చేసింది లెక్క కాదు, నాలుగో ఆప్షన్. అది లేకపోతే ఈ ప్రశ్నకు పేచీయే లేదు. విద్యార్థులు 37.5 దగ్గర తడబడాలన్న ఉద్దేశంతో రూపకర్త దాన్ని పెట్టి ఉంటారు. అది కాస్తా తెలివైన విద్యార్థికి ఉచ్చుగా మారింది. ఇలాంటి ప్రశ్నలో అన్యాయం జరిగేది చదవనివాడికి కాదు, ఎక్కువ చదివినవాడికి. సగటు విద్యార్థి సూత్రం వేసి 37.5 గుర్తించి ముందుకు సాగిపోతాడు. తంతువు వేడి సంగతి తెలిసినవాడు ఆగిపోతాడు. ‘నిజం రాయాలా, వాళ్లడిగింది రాయాలా’ అన్న మీమాంసలో రెండు నిమిషాలు పోతాయి. ఆ తర్వాత నిజం రాస్తే మైనస్ ఒకటి.

అందుకే మోడరేటర్ వేసుకోవలసిన ప్రశ్న ‘కీ సరైనదా?’ అన్నది కాదు. ‘సిలబస్ మేరకే చదివిన విద్యార్థి, సిలబస్ దాటి చదివిన విద్యార్థి ఇద్దరూ ఒకే జవాబు దగ్గరికి వస్తారా?’ అన్నది. నీట్ పరమాణువు ప్రశ్న ఈ పరీక్షలోనే తప్పింది. అక్కడ పాత పుస్తకం ఒక వైపు, శాస్త్రం మరో వైపు. ఇక్కడ సూత్రం ఒక వైపు, టంగ్‌స్టన్ మరో వైపు.

రూపకర్త సూచించిన సవరణ రెండు భాగాలుగా ఉంది. ప్రశ్న చివర ‘తంతువుల నిరోధం ఉష్ణోగ్రతతో మారదని అనుకోండి’ అని చేర్చాలి. నాలుగో ఆప్షన్ తీసేసి 40 వాట్లు అని పెట్టాలి. మొదటి సవరణ ఒక్కటే చేస్తే చాలదా? చాలదనే చెప్పాలి. షరతు రాసి, అదే సమయంలో ‘37.5 కన్నా ఎక్కువ’ను కూడా ఉంచితే హడావిడిలో షరతు మిస్సయిన తెలివైన విద్యార్థి మళ్లీ అందులోనే పడతాడు. కొత్త ఆప్షన్లలో ప్రతి తప్పు జవాబుకూ ఒక కారణముంది. 160 అన్నది వాట్లను కూడేసినవారికి, 80 సగటు తీసినవారికి, 40 తీసివేసినవారికి. తప్పు జవాబు తెలియనితనాన్ని పట్టుకోవాలి, తెలిసినతనాన్ని కాదు.

వడి అనాల్సిన చోట వేగం

64వ ప్రశ్న కథ వేరు. ఇంగ్లిష్‌లో అది నిక్షేపంలాంటి ప్రశ్న. రెండు మీటర్ల వ్యాసార్ధమున్న వృత్తం మీద ఒక వస్తువు సెకనుకు నాలుగు మీటర్ల చొప్పున స్థిరమైన ‘స్పీడ్’తో తిరుగుతోంది. దాని త్వరణం ఎంత? నాలుగు వర్గం పదహారు, రెండుతో భాగిస్తే ఎనిమిది. జవాబు నాలుగో ఆప్షన్. మొదటి ఆప్షన్ సున్నా.

తెలుగు పాఠంలో ‘స్పీడ్’కు అనువాదకుడు ‘వేగం’ అని రాశారు. బజారు తెలుగులో అది తప్పు కాదు. బస్సు వేగం, బండి వేగం అని అందరం అంటాం. కానీ తెలుగు మీడియం పాఠ్యపుస్తకాల్లో స్పీడ్ అంటే ‘వడి’, వెలాసిటీ అంటే ‘వేగం’. వడికి పరిమాణమే ఉంటుంది, వేగానికి దిశ కూడా ఉంటుంది. వృత్తం మీద తిరిగే వస్తువు దిశ క్షణక్షణం మారుతుంది కనుక దాని వడి స్థిరంగా ఉండవచ్చు గానీ వేగం స్థిరంగా ఉండడం అసాధ్యం. ‘స్థిర వేగం’ అంటే త్వరణం సున్నా అని తెలుగు మీడియం పిల్లలకు మొదటి పాఠాల్లోనే నూరిపోస్తారు. ఆ రెండు పదాలను శ్రద్ధగా నేర్చుకున్న విద్యార్థి ‘స్థిర వేగంతో వృత్తాకార మార్గంలో’ అన్న వాక్యం చూసి కంగారు పడతాడు. ఆప్షన్లలో సున్నా కనబడితే దాన్ని గుర్తిస్తాడు.

ఇలాంటి సందర్భాల కోసం ప్రశ్నపత్రాల మీద ఒక వాక్యం అచ్చు వేస్తారు. అనువాదంలో సందిగ్ధత ఉంటే ఇంగ్లిష్ పాఠమే ప్రమాణమని. నీట్‌లోనూ ఈ నిబంధన ఉంది. సంస్థకు అది చట్టపరమైన రక్షణ. కానీ ఇంగ్లిష్ రాదనే తెలుగు పాఠం ఎంచుకున్న విద్యార్థికి అది ఏ విధంగా సాయం? తన ప్రశ్న తప్పని తెలుసుకోవడానికి అతను రెండో భాషలో చదివి పోల్చుకోవాలి. వంద ప్రశ్నలూ అలా పోల్చుకుంటూ కూర్చుంటే పరీక్ష సమయం చాలదు.

దీనికి మోడరేటర్ దగ్గర ఒక పాత చిట్కా ఉంది. తెలుగు పాఠాన్ని మాత్రమే మరో అధ్యాపకుడికి ఇచ్చి, మూలం చూపించకుండా మళ్లీ ఇంగ్లిష్‌లోకి రాయమంటారు. తిరిగి వచ్చిన ఇంగ్లిష్‌లో ‘స్పీడ్’ ఉన్న చోట ‘వెలాసిటీ’ కనబడితే గుట్టు బయటపడినట్టే. ఒక షరతు ఉంది. ఆ అధ్యాపకుడు తెలుగు మీడియంలో పాఠం చెప్పేవారై ఉండాలి. ఇంగ్లిష్ మీడియంలోనే చదువు చెప్పేవారికి ‘వేగం’ వినగానే స్పీడే తోస్తుంది, తప్పు తప్పుగా కనబడదు. భాషా పండితుడైతే వాక్యం చక్కగా ఉందంటాడు. ఈ పని రెండూ తెలిసిన మనిషిది.

సవరణ ఒక్క పదం. ‘స్థిర వేగం’ బదులు ‘స్థిర వడి’. ప్రశ్న కష్టం పెరగదు, తగ్గదు. కీ మారదు.

ఒక చోట దిద్దితే సరిపోదు

మోడరేటర్ నిర్ణయం ఎలా ఉండవచ్చు? 64 విషయంలో రూపకర్త సవరణను యథాతథంగా ఒప్పుకోవచ్చు. 37 విషయంలో మూడు దారులున్నాయి. సవరించి ఉంచడం, మొత్తంగా తీసేసి రిజర్వు ప్రశ్న పెట్టడం, ఉన్నది ఉన్నట్టు వదిలేయడం. మూడోది కుదరదు. మొదటి రెండింటి మధ్య ఎంపిక ప్రశ్న కష్టం మీద ఆధారపడుతుంది. రిజర్వు ప్రశ్న మరీ సులువుదైతే పేపర్ సమతూకం మారుతుంది. విద్యుత్ అధ్యాయం నుంచి ఉండాల్సిన ప్రశ్న యాంత్రికశాస్త్రం నుంచి వచ్చినా అదే ఇబ్బంది. మన ఉదాహరణలో సవరణతోనే ప్రశ్న నిలబడుతుంది కనుక ఉంచడమే మేలు. నిర్ణయమేదైనా కారణంతో సహా రాసి సంతకం చేయాలి. రేపు ఎవరైనా కోర్టుకెళితే సంస్థ తన వాదనకు ఆధారంగా చూపగలిగేది ఆ కాగితమే.

అసలు ప్రమాదం తరవాత పొంచి ఉంటుంది. ముసాయిదాలో దిద్దినంత మాత్రాన అచ్చులో దిద్దినట్టు కాదు. కాపీయింగు జరగకుండా ఒకే పేపర్‌ను ఎ, బి, సి, డి అని నాలుగు కోడ్లుగా ప్రశ్నలు అటూ ఇటూ మార్చి వేస్తారు. ఎ కోడ్‌లో 37 అయినది సి కోడ్‌లో 81 కావచ్చు. ఇంగ్లిష్, తెలుగు కలిపి లెక్కేస్తే ఒక్క సవరణ ఎనిమిది చోట్ల చేరాలి. కీ నాలుగు చోట్ల సరిచూడాలి. ఏడు చోట్ల దిద్ది ఒక చోట మరిచిపోతే పుట్టేది పాత వివాదం కన్నా పెద్దది. ఒకే పరీక్షలో ఒక కోడ్ వారికి వేరే ప్రశ్న ఇచ్చినట్టవుతుంది.

ఆప్షన్ల వరస కూడా కోడ్‌ను బట్టి మార్చే పద్ధతిలో మరో గండం ఉంది. నాలుగోదిగా ఉండాల్సిన ‘పైవన్నీ’ మొదటి స్థానానికి వస్తే దానికి పైన ఏమీ ఉండదు. అందుకే సవరణల తర్వాత మోడరేటర్ తుది ప్రతిని నాలుగు కోడ్లలోనూ మళ్లీ చదవాలి. రూపకర్త ఉత్తరంలో ప్రశ్న సంఖ్యతో పాటు ప్రశ్న మొదటి పంక్తి కూడా రాయాలనడం అందుకే. సంఖ్యలు మారిపోతాయి, వాక్యం మారదు.

పరీక్ష అయ్యాక మిగిలేది అన్యాయమే

ఈ ఉత్తరం రాయకపోతే, రాసినా కంట్రోలర్ బల్ల మీద ఆగిపోతే ఏమవుతుంది? పరీక్ష రోజు సాయంత్రానికి కోచింగ్ సెంటర్లు తమ కీలు విడుదల చేస్తాయి. కొన్నిట్లో 37కు మూడు, కొన్నిట్లో నాలుగు. సంస్థ అభ్యంతరాలు పిలుస్తుంది. అప్పుడు దాని చేతిలో ఉన్న పరిష్కారాల్లో ఒక్కటీ అందరికీ న్యాయం చేయదు.

ముగ్గురు విద్యార్థులను ఊహించండి. మొదటివాడు కీ ప్రకారం రాశాడు, నాలుగు మార్కులు. రెండోవాడు మరో ఆప్షన్ గుర్తించాడు, మైనస్ ఒకటి. మూడోవాడు తిరకాసు పసిగట్టి వదిలేశాడు, సున్నా. ప్రశ్నను రద్దు చేస్తే ముగ్గురికీ సున్నా. సరిగ్గా చేసినవాడు నాలుగు మార్కులు పోగొట్టుకుంటాడు. అందరికీ నాలుగేసి కలిపితే రెండోవాడు ఉన్నపళాన అయిదు మార్కులు ఎగబాకుతాడు, మొదటివాడి ఆధిక్యం ఆవిరవుతుంది. రెండు జవాబులూ ఒప్పుకుంటే నష్టపోయేది మూడోవాడు. కోత భయంతో జాగ్రత్త పడినందుకు శిక్ష. నీట్ కేసులో ప్రశ్నను వదిలేసినవారి వాదన ఇదే. ఒక్క మార్కు తేడాలో వేల ర్యాంకులు మారే పరీక్షల్లో అయిదు మార్కులంటే సీటు.

జవాబు పత్రాలు దిద్దేటప్పుడే జబ్బు ప్రశ్నను గుర్తుపట్టే మార్గం ఒకటుంది. మొత్తం మార్కుల్లో పైన ఉన్న 27 శాతం మందిని, అడుగున ఉన్న 27 శాతం మందిని విడదీసి ఒక్కో ప్రశ్నకు ఎవరేం రాశారో చూస్తారు. మంచి ప్రశ్నలో పై వర్గం కీ వైపు మొగ్గుతుంది, కింది వర్గం చెల్లాచెదురవుతుంది. పై వర్గమే రెండు ఆప్షన్ల మధ్య నిలువునా చీలిపోతే తప్పు విద్యార్థిది కాదు, ప్రశ్నది. అయితే ఈ పరీక్ష జబ్బును చూపిస్తుంది గానీ నయం చేయదు. అప్పటికే పరీక్ష అయిపోయి ఉంటుంది. పైగా 64 లాంటి ప్రశ్న ఇందులో సులువుగా తప్పించుకుంటుంది. తెలుగు పాఠం రాసినవారు తక్కువమందైతే వాళ్ల చీలిక మొత్తం లెక్కలో కలిసిపోయి కనబడదు. భాషల వారీగా విడదీసి చూస్తేనే దొరుకుతుంది.

కోర్టులు సాయపడవా అంటే, కొంత మేరకే. 1983లో కాన్పూర్ విశ్వవిద్యాలయం కేసులో సుప్రీంకోర్టు ఒక గీత గీసింది. ఉత్తరప్రదేశ్ వైద్య ప్రవేశ పరీక్షలో కొన్ని ప్రశ్నల కీ మీద వచ్చిన వివాదమది. కీ సరైనదనే ముందు అనుకోవాలి. అది తప్పని సాగదీసిన తర్కంతో కాక స్పష్టంగా నిరూపించాలి. విద్యార్థులు సాధారణంగా చదివే పాఠ్యపుస్తకాలు కీ తప్పని చెబుతుంటే మాత్రం ఆ పుస్తకాల ప్రకారం రాసినవారిని శిక్షించకూడదు. ఇదీ తీర్పు సారం. అంతటితో ఆగకుండా కీని ముందే జల్లెడ పట్టే మోడరేషన్ ఏర్పాటు ఉండాలని, ప్రశ్నల్లో సందిగ్ధత లేకుండా చూడాలని, అనుమానాస్పదమైన ప్రశ్నను వెంటనే పక్కన పెట్టాలని కూడా కోర్టు సూచించింది. ఆ తీర్పు రాసిన ప్రధాన న్యాయమూర్తి వై.వి. చంద్రచూడ్. నలభై ఒక్క ఏళ్ల తర్వాత నీట్ ప్రశ్నను ఐఐటీకి పంపింది ఆయన కుమారుడు.

ఆ మధ్యకాలంలో కోర్టుల ధోరణి మరింత బిగిసింది. 2017లో రణ్‌విజయ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, సందేహం ఉన్నప్పుడు దాని లాభం అభ్యర్థికి కాక పరీక్షా సంస్థకే దక్కాలని చెప్పింది. జవాబు పత్రాలు దిద్దడం న్యాయమూర్తుల పని కాదని స్పష్టం చేసింది. అంటే 37 లాంటి ప్రశ్నలో, రెండు వైపులా ఆధారాలున్నప్పుడు, విద్యార్థి గెలవడం కష్టం. గెలిచినా కాలం ఆగదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011 నాటి గ్రూప్-1 ప్రిలిమ్స్ ప్రశ్నల వివాదం 2013లో సుప్రీంకోర్టులో తేలింది. మెయిన్స్ మళ్లీ జరిగేసరికి 2016 వచ్చింది. ఆ లోపల రాష్ట్రమే రెండయింది.

ఎందుకు రాయరు?

ఇంత మేలు చేసే ఉత్తరం అరుదెందుకు? ఒక కారణం అహం. తన ప్రశ్న తప్పని పై అధికారికి రాసివ్వడం సీనియర్ అధ్యాపకుడికి నామోషీ. రెండోది గడువు. అచ్చు తేదీ దగ్గరపడ్డాక వచ్చే సందేహాన్ని కంట్రోలర్ కార్యాలయం తలనొప్పిగా చూస్తుంది. మూడోది పద్ధతిలోనే ఉన్న లోపం. చాలా చోట్ల రూపకర్త కవరు ఇచ్చాక పేపర్‌తో సంబంధం తెగిపోతుంది. సహ పరిశీలకుడి జవాబులు ఆయన దాకా రావు. మోడరేటర్ ఒక్కరే, సగం రోజులో, కీ పక్కన పెట్టుకుని వంద ప్రశ్నలు చూసి సంతకం చేస్తారు. ఆ పద్ధతిలో 37 పక్కన టిక్కు పడుతుంది. 64 ఇంగ్లిష్‌లోనే చదువుతారు కాబట్టి దానికీ టిక్కే.

మార్చాల్సింది పెద్దగా ఏమీ లేదు. కీ లేకుండా పేపర్ చేసే మనిషి ఒకరు, తెలుగు మీడియంలో పాఠం చెప్పే మనిషి మరొకరు, వాళ్లు పట్టుకున్న తేడాలు రూపకర్తకు చేరే ఏర్పాటు. వాటి మీద రూపకర్త తన మాట రాయడానికి రెండు రోజుల గడువు. మన ఉదాహరణలో ఆ రెండు రోజుల ఖరీదు ఒక షరతు వాక్యం, ఒక కొత్త ఆప్షన్, ‘వేగం’ స్థానంలో ‘వడి’. ఆ ఉత్తరం పని ఫలించిందనడానికి గుర్తు ఒకటే. పరీక్ష అయిన సాయంత్రం కోచింగ్ సెంటర్ల కీలన్నిటిలో 37కూ 64కూ ఒకే జవాబు ఉంటుంది. వాటి గురించి ఎవరూ మాట్లాడరు.